ట్యాబ్‌లో చేత్తో రాసిన నోట్సు తర్వాత వెతికితే దొరకాలంటే: యాప్ ఎంపికకు సమగ్ర మార్గదర్శి

పెన్‌తో ట్యాబ్ మీద రాసుకున్న నోట్సును తర్వాత ఒక మాట కొట్టి వెతుక్కోవచ్చని దాదాపు ప్రతి నోట్సు యాప్ చెప్పుకుంటుంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ అది ఎవరి చేతిరాతకు, ఏ భాషకు, పేజీలో ఏ మూల రాసిన పదానికి వర్తిస్తుందో ఎక్కడా రాసి ఉండదు. క్లాసులో సర్ వేగంగా చెబుతుంటే గిలికిన పదం, గ్రాఫు పక్కన ఇరికించి రాసిన పేరు, పీడీఎఫ్ అంచున పెట్టుకున్న గుర్తు వంటివే పరీక్షల ముందు మనం వెతికేవి. యాప్‌ల మధ్య తేడా బయటపడేది కూడా అక్కడే. అందువల్ల ఈ మార్గదర్శిలో సదుపాయాల జాబితాలను పోల్చడం లేదు. మీ చేతిరాతతోనే ఒక సాయంత్రంలో చేయగలిగే పరీక్షను, దాని ఫలితాన్ని చదివే పద్ధతిని వివరంగా చెబుతున్నాను.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది చదివే ఒక విద్యార్థిని ఈ సెమిస్టర్‌లో సాయిల్ మెకానిక్స్ నోట్సును పూర్తిగా ట్యాబ్‌లోనే రాయాలనుకుంటోంది. నోట్సు చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది, మధ్యలో తెలుగులో చిన్న చిన్న గుర్తులు రాసుకుంటుంది. లెక్కలు, గ్రాఫులు ఎక్కువ. ఆమెకు కావలసింది ఒక్కటే: మిడ్ పరీక్షకు రెండు రోజుల ముందు `consolidation` అని కొడితే ఆ విషయం ఉన్న పేజీలన్నీ రావాలి.

యాప్ మన రాతను ఎలా చదువుతుంది

ఎంపికకు అవసరమైనంత మేరకు ఈ సంగతి తెలిసి ఉండాలి. నోట్సు యాప్‌లో పెన్ కదిపినప్పుడు అది ఒక బొమ్మగా కాక, గీతల వరుసగా నమోదవుతుంది. ప్రతి గీతలోనూ పెన్ మొన ఏ బిందువు నుంచి ఏ బిందువుకు, ఏ క్రమంలో వెళ్లిందో ఉంటుంది. చేతిరాతను గుర్తించే ఇంజిన్ ఈ క్రమాన్ని చూసి అక్షరాలను, అక్షరాల నుంచి పదాలను ఊహిస్తుంది. ఆ ఊహకు ఎంచుకున్న భాష పదకోశాన్ని కూడా తోడు తెచ్చుకుంటుంది. అలా ఊహించిన పాఠ్యాన్ని పేజీ వెనుక కనబడకుండా దాచి, వెతికినప్పుడు దానిలో చూస్తుంది. అంటే మనం వెతికేది మన రాతలో కాదు, మన రాతను యాప్ ఎలా చదివిందో అందులో.

దీని నుంచి మూడు విషయాలు తేలుతాయి. మొదటిది, గీతలు గీతలుగా ఉన్నంత వరకే ఈ పద్ధతి పనిచేస్తుంది. అదే రాతను స్క్రీన్‌షాట్ తీసి ఇంకో పేజీలో అతికిస్తే క్రమం పోయి చుక్కల బొమ్మ మాత్రమే మిగులుతుంది. బొమ్మల్లోని అక్షరాలను చదివే వేరే పద్ధతి ఆ యాప్‌లో ఉంటే తప్ప ఆ పదం ఇక దొరకదు, ఉన్నా చేతిరాత విషయంలో అది బలహీనమే. బొమ్మలు గీసుకునే డ్రాయింగ్ యాప్‌లలో నోట్సు రాయకూడదనడానికి కారణం కూడా ఇదే. రెండోది, భాష సెట్టింగు తప్పుగా ఉంటే అందమైన రాత కూడా చెత్తగానే చదవబడుతుంది. మూడోది, పదకోశంలో లేని పేర్లను, ఉదాహరణకు `Terzaghi`ని, ఇంజిన్ అక్షరాల ఆకారం మీద మాత్రమే ఆధారపడి చదవాలి కాబట్టి అక్కడ పొరపాట్లకు అవకాశం ఎక్కువ.

మొదటి అడుగు: చేతిలో ఉన్న పరికరంతో జాబితాను కుదించడం

ఐప్యాడ్, యాపిల్ పెన్సిల్ ఉన్నవారికి గుడ్‌నోట్స్, నోటబిలిటీ, నెబో, వన్‌నోట్ ఉన్నాయి. ఐప్యాడ్‌తోనే వచ్చే యాపిల్ నోట్స్‌లో 2017 నుంచి చేతిరాతను వెతికే సదుపాయం ఉంది. ఎస్ పెన్ ఉన్న గెలాక్సీ ట్యాబ్ వారికి సామ్‌సంగ్ నోట్స్ ముందే ఉంటుంది, దానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. నెబో, వన్‌నోట్, గుడ్‌నోట్స్ ఆండ్రాయిడ్‌లోనూ దొరుకుతాయి. అయితే ఒకే పేరున్న యాప్ ఐప్యాడ్‌లో చేసే పనులన్నీ ఆండ్రాయిడ్‌లో చేస్తుందని అనుకోకూడదు. ఐప్యాడ్ వాడే స్నేహితురాలు మెచ్చుకున్న యాప్‌ను ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద మళ్లీ మొదటి నుంచి పరీక్షించాల్సిందే.

ఇక్కడ లాప్‌టాప్‌ను మరిచిపోవడం చాలామంది చేసే పని. వెతకడం తరచుగా ట్యాబ్‌లో కాదు, అసైన్‌మెంట్ టైప్ చేస్తూ లాప్‌టాప్‌లో జరుగుతుంది. విండోస్ లాప్‌టాప్ ఉన్నవారు తమ నోట్సు అక్కడ తెరుచుకుంటుందా, తెరుచుకుంటే చేతిరాతలో వెతకడం అక్కడ పనిచేస్తుందా అన్నది ముందే చూసుకోవాలి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. పేజీలు కనబడి, వెతకడం మాత్రం ట్యాబ్‌లోనే పనిచేసే యాప్‌లు ఉంటాయి.

ఈ వడపోత తర్వాత రెండు యాప్‌లు, మహా అయితే మూడు మిగలాలి. అంతకు మించి పెట్టుకుంటే పరీక్ష చేసే ఓపిక ఉండదు.

రెండో అడుగు: పరీక్ష పేజీ రాయడం

పరీక్షకు ముందు ప్రతి యాప్‌లోనూ సెట్టింగులలోకి వెళ్లి చేతిరాత గుర్తింపు భాషను ఇంగ్లీషుగా ఎంచుకోవాలి. కొన్ని యాప్‌లలో ఆ భాషకు సంబంధించిన ఫైలును విడిగా దించుకోవాల్సి ఉంటుంది. అది దిగకపోతే రాత రాతగానే ఉంటుంది, వెతికితే ఏమీ రాదు. మొదటి రోజే యాప్‌ను తిట్టి తీసేసేవారిలో కొందరికి జరిగేది ఇదే.

తర్వాత నిజమైన క్లాసు వేగంతో రెండు పేజీలు రాయాలి. శుభ్రంగా, ముత్యాల్లా రాసిన పేజీతో చేసే పరీక్ష వల్ల ఏ ప్రయోజనమూ లేదు. యూట్యూబ్‌లో ఒక పాఠం పెట్టుకుని, ఆపకుండా వింటూ రాస్తే చేతిరాత సహజంగా బయటికి వస్తుంది. ఆ రాతలో మీ సబ్జెక్టుకు చెందిన పన్నెండు పదాలను వేర్వేరు పరిస్థితుల్లో పడేలా చూసుకోవాలి. మన విద్యార్థిని పేజీ ఇలా ఉంటుంది.

గీత మీద మామూలుగా `void ratio`, తొందరలో కలిపి రాసిన `consolidation`, దానికే ఆమె క్లాసులో వాడే పొట్టి రూపం `consol.` ఒకే పేజీలో వస్తాయి. `preconsolidation` అన్న పొడవైన పదం గీత చివర పట్టక, అడ్డగీత పెట్టి, కింది వరుసలోకి విరుగుతుంది. పేర్లలో `Terzaghi`, `Skempton` ఉంటాయి. e–log p గ్రాఫు గీసి, వంపు పక్కన చిన్న అక్షరాలతో `virgin curve` అని, ఇంకో గ్రాఫు నిలువు అక్షం వెంట కింది నుంచి పైకి `settlement` అని రాస్తుంది. `pore pressure` మీద హైలైటర్ పూస్తుంది. సర్ పంపిన పీడీఎఫ్‌ను యాప్‌లోకి తెచ్చి, దాని అంచున `double drainage` అని రాస్తుంది. `clay` అన్న మాట ఎలాగూ నాలుగైదు చోట్ల వస్తుంది. చివరిది ఒక సూత్రం:

`Cc = 0.009 (LL - 10)`

దీని పక్కన ఏ వివరణా రాయకుండా వదిలేస్తుంది. వీటితో పాటు ఒక మూల తెలుగులో "ముఖ్యం" అని, "మిడ్‌కి వస్తుంది" అని రాస్తుంది. ఇవి పన్నెండు లెక్కలోకి రావు, విడిగా చూద్దాం.

రాసిన వెంటనే వెతకవద్దు. రాతను చదివి సూచిక తయారు చేసుకోవడం చాలా యాప్‌లలో వెనుక నెమ్మదిగా జరిగే పని. ముఖ్యంగా వందల పేజీల పీడీఎఫ్‌ను దిగుమతి చేసుకున్నప్పుడు, కొత్త ట్యాబ్‌లో పాత నోట్సును దించుకున్నప్పుడు దానికి సమయం పడుతుంది. యాప్‌ను తెరిచి ఉంచి, ట్యాబ్‌ను ఛార్జింగ్‌లో పెట్టి, భోజనం చేసి వచ్చి వెతకండి. అప్పుడు దొరకనిదే నిజంగా దొరకనిది.

మూడో అడుగు: వెతకడం, దొరకని వాటి కారణం పట్టుకోవడం

పన్నెండు పదాలను ఒక్కొక్కటిగా కొట్టి, దొరికిందా లేదా అని కాగితం మీద రాసుకోవాలి. దొరికినప్పుడు యాప్ పేజీని మాత్రమే చూపిస్తోందా, పేజీలో ఆ పదం మీదే రంగు వేసి చూపిస్తోందా అన్నది కూడా గమనించాలి. కిక్కిరిసిన పేజీలో రెండోది లేకపోతే వెతకడం సగమే జరిగినట్టు. సంబంధం లేని పేజీలు ఎన్ని వస్తున్నాయో కూడా చూడాలి. చిన్న పదాలకు ఈ బెడద ఎక్కువగా ఉంటుంది.

దొరకని పదం కనబడితే అక్కడితో ఆగకూడదు. లాసో సాధనంతో ఆ పదం చుట్టూ గీసి, దాన్ని టైపు పాఠ్యంగా మార్చమని అడగాలి. యాప్ దాన్ని ఏమని చదివిందో అప్పుడు కళ్లెదుటే కనబడుతుంది. మన విద్యార్థిని `clay` అని వెతికితే ఒక యాప్ ఏమీ లేదంటుంది. లాసోతో మార్చి చూస్తే అక్కడ `day` అని వస్తుంది. `c` పక్కనే నిటారుగా `l` ఆనుకుని ఉంటే ఆ రెండూ కలిసి ఇంగ్లీషు `d` లాగే కనబడతాయి. పైగా పదకోశం దృష్టిలో `day` చాలా మామూలు మాట. సాయిల్ మెకానిక్స్ నోట్సులో ప్రతి పేజీలో వచ్చే పదమే ఇలా మాయమవుతోందన్న మాట. కారణం తెలిసింది కాబట్టి మార్గం కూడా తేలికే: `c`కి, `l`కి మధ్య కొంచెం సందు వదలడం, పాత పేజీలలో `day` అని కూడా వెతకడం.

ఈ లాసో పరీక్ష మూడు రకాల లోపాలను విడదీస్తుంది. మార్చినప్పుడు వేరే పదం వస్తే అది గుర్తింపు పొరపాటు, చేతిరాతతో కొంత సరిచేసుకోవచ్చు. మార్చినప్పుడు సరైన పదమే వచ్చి, వెతికితే మాత్రం దొరకకపోతే సూచిక ఇంకా తయారు కాలేదని గాని, ఆ రకమైన పేజీని యాప్ సూచికలో చేర్చడం లేదని గాని అర్థం. మరుసటి రోజు కూడా అలాగే ఉంటే రెండోదే కారణం, దానికి మన చేతిలో మందు లేదు. ఇక అర్థం లేని అక్షరాల గుంపు వస్తే ముందు భాష సెట్టింగును చూడాలి.

వన్‌నోట్ వాడేవారికి ఇక్కడే ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విండోస్‌లోని వన్‌నోట్ పెన్ గీతలను చేతిరాత, బొమ్మ అని రెండు రకాలుగా చూస్తుంది. బొమ్మగా అనుకున్న గీతలను అది చదవదు. గ్రాఫు పక్కన రాసిన పదాలు ఇలా బొమ్మల్లో కలిసిపోయే అవకాశం ఉంది. అనుమానం వచ్చినప్పుడు ఆ రాతను ఎంచుకుని, కుడి నొక్కు మెనూలో `Treat Selected Ink As` కింద `Handwriting` ఎంచుకుంటే తర్వాత అది పదంగా చదవబడుతుంది. ప్రతి గ్రాఫుకూ ఇలా చేయడం ఎవరివల్లా కాదు గానీ, ముఖ్యమైన నాలుగు పేజీలకు చేసుకోవచ్చు.

పొట్టి రూపాల సంగతి వేరు. `consolidation` అని వెతికితే `consol.` దొరకకపోవడం యాప్ తప్పు కాదు, అక్కడ ఉన్న అక్షరాలు అవే. కానీ `consol` అని సగం పదమే కొట్టినప్పుడు రెండూ వస్తున్నాయా అన్నది తప్పక చూడాలి. పదంలోని ముక్కతో వెతకనిచ్చే యాప్ విద్యార్థికి చాలా విలువైనది, ఎందుకంటే పొడవైన పదంలో ఒక అక్షరం తప్పుగా చదివినా మిగిలిన ముక్కతో దాన్ని పట్టుకోవచ్చు. `permeability` దొరకకపోతే `perme` కొట్టండి, అదీ కాకపోతే `ability` కొట్టండి.

సూత్రం విషయంలో ఆశ పెట్టుకోవద్దు. పాదాక్షరాలు, గ్రీకు అక్షరాలు ఉన్న రాతను మామూలు పాఠ్యంగా చదివే యాప్ దాన్ని ముక్కలు ముక్కలుగా చేసుకుంటుంది. గణితాన్ని టైపు రూపంలోకి మార్చే సదుపాయం ఉన్నా, సూత్రాన్ని వెతకడం అన్నది వేరే పని. సూత్రం పక్కనే దాని పేరును మాటల్లో రాసుకోవడమే నమ్మదగిన దారి. పైన వదిలేసిన సూత్రం పక్కన `compression index` అని రెండు మాటలు రాసి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు.

ఫలితాన్ని తూచడం

మన విద్యార్థిని రెండు యాప్‌లను పరీక్షించిందనుకుందాం. రెండింటిలోనూ పన్నెండుకు ఏడే దొరికాయి. అంకెలు సమానం కాబట్టి ధర తక్కువ ఉన్నది తీసుకోవచ్చని అనిపిస్తుంది. దొరకని అయిదేసి పదాలను చూస్తే మాత్రం కథ మారుతుంది.

మొదటి యాప్‌కు దొరకనివి `consol.`, విరిగిన `preconsolidation`, నిలువుగా రాసిన `settlement`, `clay`, సూత్రం. రెండోదానికి దొరకనివి `consol.`, `virgin curve`, `settlement`, పీడీఎఫ్ అంచున రాసిన `double drainage`, సూత్రం. మొదటి యాప్ లోపాలు దాదాపు అన్నీ రాసే అలవాటుతో సరిపోయేవే. పదాన్ని విరవకుండా కింది వరుసలో మొదలుపెట్టవచ్చు, అక్షం పేరును అడ్డంగా రాయవచ్చు, `clay`లో సందు వదలవచ్చు. రెండో యాప్ మాత్రం వరుసల్లో రాసిన పేరాలను చక్కగా చదువుతూ, విరిగిన పదాన్ని కూడా కలుపుకుని, బొమ్మల పక్కన రాతను, పీడీఎఫ్ మీద రాతను వదిలేస్తోంది. సివిల్ విద్యార్థిని నోట్సులో సగం అక్కడే ఉంటుంది. ఆమెకు మొదటిదే సరైనది. చరిత్రో న్యాయశాస్త్రమో చదువుతూ పేజీల కొద్దీ పేరాలు రాసే విద్యార్థికి ఇదే ఫలితం రెండో యాప్ వైపు మొగ్గుతుంది. నెబో వంటి యాప్ అలాంటివారికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే వరుసల మీద రాస్తున్న కొద్దీ తాను చదివిన పాఠ్యాన్ని అది అక్కడికక్కడే పైన చూపిస్తుంది. తప్పు చదివితే పరీక్షల ముందు కాక, రాసిన క్షణంలోనే తెలిసిపోతుంది.

నా దృష్టిలో ఎన్ని దొరికాయన్న అంకె కంటే ఏవి దొరకలేదన్న జాబితాయే యాప్‌ను ఎంచి పెడుతుంది.

తెలుగు రాత సంగతి

భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో సెట్టింగులలో చూడండి. లేకపోతే తెలుగులో రాసినదాన్ని యాప్ ఇంగ్లీషు అక్షరాలుగా చదవడానికి ప్రయత్నిస్తుంది, "ముఖ్యం" అన్నది ఏదో తలాతోకా లేని అక్షరాలుగా సూచికలో చేరుతుంది. జాబితాలో ఉన్నా, చాలా యాప్‌లలో ఒకసారికి ఒక భాషనే ఎంచుకోవాలి కాబట్టి ఇంగ్లీషు, తెలుగు కలగలిపిన పేజీ సమస్య పూర్తిగా తీరదు.

అయితే ఒక దారి ఉంది. గూగుల్ చేతిరాత గుర్తింపు తెలుగును చదవగలదు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో జీబోర్డ్ సెట్టింగులలో తెలుగు కీబోర్డును చేర్చి, దానిలో చేతిరాత పద్ధతిని ఎంచుకుంటే, కింద పెట్టెలో పెన్‌తో రాసిన తెలుగు మాట అక్కడికక్కడే టైపు అక్షరాలుగా మారుతుంది. నోట్సు పేజీలో ఒక టెక్స్ట్ బాక్స్ తెరిచి దానిలో ఇలా "ముఖ్యం" అని పెడితే అది టైపు చేసిన మాట అవుతుంది, దాన్ని వెతకడానికి చేతిరాత ఊహలు అక్కర్లేదు. పేజీ మొత్తం ఇలా రాయడం సాధ్యం కాదు గాని, పేజీకి ఒకటి రెండు తెలుగు గుర్తులకు ఇది చాలు. ఐప్యాడ్ వారు మామూలు తెలుగు కీబోర్డుతో అదే పని చేయవచ్చు. బి.ఏ., ఎం.ఏ. తెలుగు చదివేవారు, అంటే నోట్సంతా తెలుగులోనే రాసేవారు, తెలుగు గుర్తింపు ఉందని చూసుకుని, పరీక్ష పేజీని వత్తులు, గుణింతాలు ఎక్కువగా ఉన్న పదాలతో రాయాలి. "స్వాతంత్ర్యం", "సంస్కృతి" వంటివి పట్టుకోగలిగితే మిగిలినవాటిని పట్టుకోగలదు.

వాట్సాప్‌లో వచ్చే జిరాక్స్ పీడీఎఫ్‌లు

క్లాసు గ్రూపులో తిరిగే పీడీఎఫ్‌లలో చాలావరకు ఫోన్‌తో తీసిన ఫొటోలే. వాటిలో పాఠ్యం ఉండదు కాబట్టి యాప్‌ను నిందించి లాభం లేదు. తేలికగా పోల్చుకునే మార్గం: లాప్‌టాప్‌లో తెరిచి, మౌస్‌తో ఒక వాక్యాన్ని ఎంచుకోవడానికి ప్రయత్నించండి. మాటలు విడివిడిగా ఎంపిక కాకుండా పేజీ అంతా ఒక బొమ్మలా కదిలితే అది ఫొటోయే. అచ్చు పుస్తకం పేజీలైతే, ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత సాధనాన్ని లాప్‌టాప్‌లో పెట్టుకుని, యాప్‌లోకి తెచ్చుకునే ముందే పాఠ్యపు పొరను చేర్చవచ్చు:

```
ocrmypdf -l eng unit3.pdf unit3_search.pdf
```

తెలుగు అచ్చు కూడా ఉంటే తెలుగు భాషా ఫైలును చేర్చుకుని `-l tel+eng` అని ఇవ్వాలి. ఇది అచ్చు అక్షరాల కోసం చేసిన పద్ధతి. సీనియర్ల చేతిరాత నోట్సు జిరాక్సుల మీద దీన్ని నడిపితే వచ్చేది పనికిరాదు.

నాలుగో అడుగు: బయటికి తీసి చూడటం

ఈ అడుగును దాదాపు ఎవరూ వేయరు. నా అభిప్రాయంలో మాత్రం రెండు యాప్‌లు సమానంగా నిలిచినప్పుడు తేల్చేది ఇదే. పరీక్ష పేజీలను పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి, లాప్‌టాప్‌కు పంపి, అక్కడ `Ctrl+F` నొక్కి `void ratio` వెతకండి. పీడీఎఫ్‌లోని పాఠ్యాన్ని బయటికి తీసే పాప్లర్ సాధనాలు ఉన్న కంప్యూటర్‌లో అదే పని ఇలా చేయవచ్చు:

```
pdftotext test.pdf - | grep -i "void"
```

పదం వస్తే, ఆ యాప్ తాను చదివిన పాఠ్యాన్ని పీడీఎఫ్‌లో కూడా కనబడని పొరగా పెడుతోందన్న మాట. అలాంటి నోట్సు యాప్ లేకపోయినా వెతికితే దొరుకుతుంది. ఏమీ రాకపోతే, వెతకగలగడం అన్నది ఆ యాప్ లోపలే ఉండిపోయింది, బయటికి వచ్చింది రాత బొమ్మ మాత్రమే. ఎగుమతిలో రెండు మూడు రకాలు ఇచ్చే యాప్‌లలో ప్రతి రకాన్నీ విడిగా పరీక్షించాలి. ఒకదానిలో ఉన్న పొర ఇంకోదానిలో ఉండకపోవచ్చు.

పొర రాకపోతే ఆ యాప్‌ను వదిలేయాలని కాదు. అప్పుడు పీడీఎఫ్‌తో పాటు యాప్ సొంత ఫైలును కూడా దాచుకోవాలి, ఎందుకంటే గీతల క్రమం దానిలోనే ఉంటుంది, తర్వాత ఎప్పుడైనా మళ్లీ చదివించాలంటే అదే కావాలి. సామ్‌సంగ్ నోట్స్‌కు అది `.sdocx`, గుడ్‌నోట్స్‌కు `.goodnotes`. సెమిస్టర్ ముగిసిన రోజున రెండు రకాలనూ డ్రైవ్‌లో సబ్జెక్టు పేరుతో పెట్టుకుంటే, ట్యాబ్ పోయినా, పాడైనా నోట్సు మిగులుతుంది.

ధర గురించి రెండు మాటలు

ధరలు, ఉచిత వెర్షన్ల హద్దులు మారుతూనే ఉంటాయి. గుడ్‌నోట్స్ ఆరో వెర్షన్ 2023లో వచ్చినప్పుడు ఉచితంగా మూడు నోట్‌బుక్‌ల వరకే ఇచ్చింది. సెమిస్టర్‌కు అయిదారు సబ్జెక్టులున్నవారికి అది చాలదు. నోటబిలిటీ 2021 నవంబరులో ఒక్కసారి కొనే పద్ధతి నుంచి ఏటా కట్టే పద్ధతికి మారినప్పుడు పాత కొనుగోలుదారులు గట్టిగా నిరసించారు, కొద్ది రోజుల్లోనే సంస్థ వెనక్కి తగ్గి వారికి పాత సదుపాయాలను కొనసాగించింది. నాలుగేళ్ల డిగ్రీకి యాప్ ఎంచుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. డబ్బు కట్టే ముందు చూడవలసింది ఒకటే: చందా ఆపేస్తే పాత నోట్సును తెరవడం, వెతకడం, ఎగుమతి చేయడం ఈ మూడింటిలో ఏవి ఆగిపోతాయి? చేతిరాతలో వెతకడం ఉచిత వెర్షన్‌లో ఉందో, డబ్బు కట్టినవారికేనో కూడా ట్రయల్ గడువు ముగిసేలోపే తేల్చుకోవాలి. పరీక్ష పేజీని ట్రయల్ రోజుల్లో రాసి, వెతకడం బాగుందని మురిసిపోతే, గడువు తీరాక అదే పెట్టె ఖాళీగా కనబడవచ్చు.

ఎంచుకున్న తర్వాత రాసే పద్ధతి

ఏ యాప్ అయినా చేతిరాతను నూటికి నూరు పాళ్లు చదవదు. అందుకే ప్రతి పేజీ తలకట్టును పెన్‌తో కాక టెక్స్ట్ బాక్స్‌లో టైపు చేయడం మంచిది. క్లాసు మొదలయ్యే ముందు, సర్ హాజరు తీసుకుంటున్న సమయం దానికి సరిపోతుంది. మన విద్యార్థిని తలకట్టు ఇలా ఉంటుంది:

`SM U3 consolidation e-logp preconsolidation`

సబ్జెక్టు, యూనిట్, ఆ రోజు విషయం, పరీక్షలో అడిగే పూర్తి పదాలు. క్లాసు అయ్యాక ఇంకో పదం తోస్తే దానికే చేరుస్తుంది. కింద పేజీలో `consol.` అని ఎంత గిలికినా, `clay` ఎన్నిసార్లు `day` అయినా పేజీ మాత్రం దొరుకుతుంది. టైపు చేసిన ఈ వరుస పీడీఎఫ్‌లో పాఠ్యంగానే వస్తోందా అన్నది కూడా ఎగుమతి పరీక్షలోనే చూసుకోవచ్చు.

పొట్టి రూపాలను మానుకోమని చెప్పను, క్లాసులో అవి లేకుండా కుదరదు. ఎప్పుడూ ఒకే పొట్టి రూపాన్ని వాడితే చాలు. ఒక రోజు `consol.`, ఇంకో రోజు `cons.`, మరో రోజు `Cn` అని రాస్తే మూడు సార్లు వెతకాలి. హైలైటర్‌ను రాసిన తర్వాత పూయడమే తప్ప, దాని మీద మళ్లీ పెన్‌తో రాయకుండా ఉంటే గీతలు ఒకదానిలో ఒకటి కలవవు. కొట్టివేసిన పదాన్ని దాని మీదే తిరిగి దిద్దడం కంటే చెరిపి రాయడం మేలు. దిద్దిన పదంలో రెండు పదాల గీతలు ఉంటాయి, కంటికి ఒకటే కనబడినా యాప్‌కు అది ముద్దగానే ఉంటుంది.

మొదటి రెండు వారాల తర్వాత ఒకసారి, నిజమైన నోట్సు మీద అయిదు పదాలు వెతికి చూడండి. అప్పటికి మహా అయితే ముప్పై నలభై పేజీలు ఉంటాయి. యాప్ మార్చాలనుకుంటే ఆ దశలో నష్టం తక్కువ. మూడో యూనిట్ దాటాక మారిస్తే పాత నోట్సు ఒక చోట, కొత్తది ఇంకో చోట ఉండి, ఒక్కో పదాన్ని రెండు యాప్‌లలో వెతుక్కోవలసి వస్తుంది.